లోడుతోపాటు నాకు కావలసిన కాగితం: తాడిపత్రి నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల యజమానులకు బహిరంగ లేఖ

అన్నలందరికీ నమస్కారం.

అనంతపురంలో నేను బండల డిపో పెట్టి 16 ఏళ్లయింది. మొదటి లోడు తాడిపత్రి నుంచే దిగింది. ఇప్పటికీ నెలకు సుమారు 45,000 చదరపు అడుగుల నాపరాయి మీలో ఐదుగురి షెడ్ల నుంచే వస్తోంది. ఇల్లు కట్టేవాళ్లు నాకు డబ్బు ఆపేసిన నెలల్లో ఒక్క మాట అనకుండా సరుకు పంపినవాళ్లు మీలో ఉన్నారు. ఆ ఋణం నాకు గుర్తుంది. అందుకే ఇప్పుడు చెప్పబోయేది ఫోన్లో ఒకరికి ఒక రకంగా, ఇంకొకరికి ఇంకో రకంగా చెప్పకుండా, అందరికీ ఒకే మాటగా రాస్తున్నాను.

ఈ లేఖ తేదీ నుంచి 90 రోజుల తర్వాత, పర్యావరణం గురించీ పనివాళ్ల గురించీ సంతకం చేసిన డిక్లరేషన్ ఇచ్చిన ఫ్యాక్టరీ నుంచే నేను బండలు కొంటాను. ఏడాదికోసారి దాన్ని కొత్తగా ఇవ్వాలి. అందులో ఏం ఉండాలో, ఎందుకు ఉండాలో, దానికి నా వైపు నుంచి నేనేం ఇస్తానో కింద రాస్తున్నాను.

దీనికి కారణమైన సంఘటన మీలో కొందరికి తెలుసు. నా ఆర్డరు మీదే పని నడుస్తుండగా ఒక షెడ్డులో అంచులు కోసే కుర్రాడి చెయ్యి బ్లేడు కింద పడింది. రెండు వేళ్లు పోయాయి. ఫ్యాక్టరీ రిజిస్టరులో ఆ అబ్బాయి పేరు లేదు, అతను కూలీలను తెచ్చే మేస్త్రీ మనిషి. ఈఎస్ఐ లేదు. ఆసుపత్రి ఖర్చు మేస్త్రీ పెట్టుకుని దాన్ని అడ్వాన్సు కింద రాసుకున్నాడు. అంటే వేళ్లు పోగొట్టుకున్నవాడే అప్పుపడ్డాడు. ఆ లోడు బండలు మూడోరోజున నా డిపోలో దిగాయి, నేను బిల్లు కట్టాను. ఈఎస్ఐ ఉండి ఉంటే వైద్యం ఉచితంగా జరిగేది, పనికి రాలేని రోజులకు కూలిలో 90 శాతం వచ్చేది, పోయిన వేళ్లకు అంగవైకల్య భృతి వచ్చేది. పనిలో ప్రమాదం జరిగితే ఈ రక్షణ చేరిన మొదటి రోజునుంచే వర్తిస్తుంది. ఇవన్నీ ఆ అబ్బాయికి దక్కకపోవడానికి కారణం ఒక రిజిస్టరులో ఒక పేరు రాయకపోవడం.

పోయిన ఏడాది ఒకసారి మీ అందరినీ కాగితం అడిగాను, గుర్తుందా? 'అన్ని చట్టాలనూ పాటిస్తున్నాము' అని లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మన్నాను. మూడు రోజుల్లో ఐదూ వచ్చాయి. ఐదింటిలో ఒకే వాక్యాలు, ఒకే అక్షరదోషం. ఒకదాంట్లో పక్క ఫ్యాక్టరీ పేరు దిద్దకుండా అలాగే ఉండిపోయింది. తప్పు మీది కాదు, నేను అడిగిన తీరే తప్పు. 'అన్ని చట్టాలూ' అన్న మాట కింద ఎవరైనా సంతకం పెట్టేస్తారు, ఎందుకంటే దాన్ని నిజమో అబద్ధమో తేల్చడానికి పట్టు దొరకదు. ఈసారి అడిగే ప్రతి లైనూ కంటితో చూసి తేల్చుకోగలిగేదే.

మొదటి లైను కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్ఓ గురించి. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద ఫ్యాక్టరీ నడుపుకోవడానికి ఇచ్చే అనుమతి అది. నంబరు రాసి, కాపీ జతచేస్తే సగం పనే అయినట్టు. గడువు ఎప్పటిదాకా ఉంది, నెలకు ఎంత ఉత్పత్తికి అనుమతి ఉంది, ఏ సర్వే నంబరులోని షెడ్డుకు ఇచ్చారు అన్నవి మీరే చూసి రాయాలి. ఎక్కువగా తప్పు జరిగేది మూడోదాంట్లోనే. పండగల ముందు ఆర్డర్లు మీదపడినప్పుడు సగం బండలు పక్క షెడ్డులో పాలిష్ చేయించడం మామూలే. ఆ షెడ్డుకు సీఎఫ్ఓ లేకపోతే మీ కాగితం ఆ సగం బండలకు పనికిరాదు. అలా బయట చేయించే ప్రతి షెడ్డు పేరూ డిక్లరేషన్‌లో ఉండాలి.

ఇక పాలిష్ బురద. దీని మీద కాసేపు ఆగి లెక్క వేస్తాను, కాస్త ఓపికగా చూడండి.

ఒక అడుగు బండ పైముఖాన్ని పాలిష్ చేస్తే ఒక మిల్లీమీటరు మందం అరుగుతుందనుకుందాం. ఎగుడుదిగుడు ఎక్కువున్న బండకు ఇంకా ఎక్కువే పోతుంది. ఆ ఒక్క మిల్లీమీటరే దాదాపు పావు కిలో రాయి. రెండడుగులకు రెండడుగుల బండకు నాలుగు అంచులూ కోస్తే, బ్లేడు మందం నాలుగు మిల్లీమీటర్లు, బండ మందం 20 మిల్లీమీటర్లు అయితే, అడుగుకు ఇంకో 130 గ్రాములు పొడిగా పోతుంది. రెండూ కలిపితే అడుగుకు 375 గ్రాములు. నెలకు 50,000 అడుగులు తీసే ఫ్యాక్టరీలో అది దాదాపు 19 టన్నుల పొడి. తొట్టెలోంచి తీసేటప్పటికి బరువులో మూడోవంతు నీళ్లే ఉంటాయి కాబట్టి ట్రాలీలోకి ఎక్కేది 28 టన్నులు. మూడున్నర టన్నుల ట్రాలీతో తోలితే నెలకు ఎనిమిది ట్రిప్పులు.

ఇంత లెక్క ఎందుకంటే, మీరు ఎంత బండ అమ్మారో బిల్లులు చెప్తాయి, దానికి ఎంత బురద రావాలో లెక్క చెప్తుంది. నెలకు 50,000 అడుగులు బిల్లు చేసి, బురద రెండే ట్రిప్పులు పోయిందని ఎవరైనా రాస్తే, మిగతా ఆరు ట్రిప్పుల బురద ఎక్కడో ఉండాలి. షెడ్డు వెనక గుట్టగా ఉందా, ఎండిపోయి గాలికి లేస్తోందా, రాత్రిపూట తూము తెరిస్తే వంకలోకి పోయిందా? డిక్లరేషన్‌లో నెలవారీ ట్రిప్పులు, ట్రాలీ నంబరు, దింపిన చోటు, ఆ స్థలం యజమాని రాతపూర్వకంగా ఇచ్చిన ఒప్పుదల కావాలి. ఇటుకలకు ఇచ్చినా, అనుమతితో పాత క్వారీ గుంత పూడ్చడానికి వాడినా నాకు అభ్యంతరం లేదు. ఎక్కడికి పోయిందో తెలియకపోతేనే అభ్యంతరం.

ఈ బురద విషం కాదు కదా, సున్నపురాయి పొడే కదా అని మీలో ఒకరు నాతో అన్నారు. నిజమే, అందులో రసాయనాల మాట తక్కువే. కానీ అది నష్టం చేసేది విషంగా కాదు, మెత్తదనంతో. పిండికంటే మెత్తని ఆ పొడి నల్లరేగడి చేనులోకి పారితే మట్టి సందుల్లో కూరుకుపోతుంది. ఎండితే పైన పెచ్చు కడుతుంది. వాన పడినా నీళ్లు లోపలికి దిగవు, శనగ మొలక ఆ పెచ్చును చీల్చుకుని పైకి రాలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో, కురిసిన ఆ కాస్త నీళ్లూ భూమిలోకి ఇంకకుండా చేయడం కంటే రైతుకు పెద్ద నష్టం ఏముంటుంది? వంకలో పడితే అదే పని వంక అడుగున చేస్తుంది, చుట్టుపక్కల బోర్లకు ఊట తగ్గుతుంది.

కొందరు రైతులు చేనులో మట్టి మీద నిమ్మకాయ పిండి, నురగ వస్తే అది మన బురదేనని తగాదా పెట్టుకుంటున్నారు. ఆ పరీక్ష మీద నేను ఆధారపడను. మన నేలల్లో సహజంగానే సున్నపు గడ్డలు ఉంటాయి, మామూలు మట్టీ నురగ కక్కుతుంది. నేను చూసేది వేరు. మీ తూముకు ఎగువన వంక అడుగు ఎలా ఉంది, దిగువన ఎలా ఉంది? ఎగువన ఇసుక, గులకరాళ్లు కనిపించి, దిగువన బూడిదరంగు పెచ్చు కనిపిస్తే చాలు.

తొట్ల సంగతీ ఇందులోనే వస్తుంది. మూడు గదుల తొట్టిలో మొదటిదాంట్లో బురద దిగి, రెండోదాంట్లో తేరుకుని, మూడోదాంట్లోంచి నీళ్లు మళ్లీ మెషీన్‌కు ఎక్కాలి. మూడో గదిలో నీళ్లు పాలలా ఉంటే మొదటి గది ఎప్పుడో నిండిపోయిందని అర్థం. ఆ నీళ్లతో చేసిన పాలిష్ మీద సన్నగీతలు పడతాయి, వాటి గురించి మీకూ నాకూ ఇప్పటికే ఎన్నోసార్లు మాటామాటా వచ్చింది. తొట్టి శుభ్రం చేసిన తేదీలు ఒక నోటుబుక్కులో ఉంటే నాకు చాలు, దానికి ప్రత్యేకంగా ఫారం అక్కర్లేదు.

బురద లెక్క ఎంత తేలికో, మనుషుల లెక్క అంత కష్టం. ఎందుకంటే మన ఫ్యాక్టరీల్లో సగం మంది కాగితం మీద ఫ్యాక్టరీ మనుషులు కారు. కొందరు మేస్త్రీ మనుషులు, కొందరు హమాలీలు, కొందరు 'ఊరికే సాయానికి వచ్చినవాళ్లు'. ఈఎస్ఐ పదిమంది ఉంటే తప్పనిసరి అవుతుంది కాబట్టి రిజిస్టరులో ఎనిమిది తొమ్మిది దగ్గర ఆగిపోయే ఫ్యాక్టరీలు నేను చూశాను.

అక్కడా బండ బరువే సాక్ష్యం చెప్తుంది. 20 మిల్లీమీటర్ల నాపరాయి అడుగుకు దాదాపు 5 కిలోలు. నెలకు 50,000 అడుగులంటే 250 టన్నులు. ప్రతి బండా కనీసం నాలుగుసార్లు చేతులమీద కదులుతుంది. క్వారీ లారీ నుంచి దించాలి, పాలిష్ మెషీన్ మీద పెట్టాలి, అక్కడినుంచి అంచుల కటింగ్‌కు మోయాలి, చివరికి నా లారీకి ఎక్కించాలి. అంటే నెలకు 1,000 టన్నుల మోత. 26 పనిదినాలకు పంచితే రోజుకు 38 టన్నులకు పైగానే. రిజిస్టరులో ఎనిమిదిమంది, అందులో మూడు పాలిష్ మెషీన్ల దగ్గర ముగ్గురు, రెండు కటింగ్ మెషీన్ల దగ్గర ఇద్దరు ఉంటే, మోతకు మిగిలేది ముగ్గురు. ఒక్కొక్కరు రోజుకు దాదాపు 13 టన్నులు, అంటే 20 కిలోల బండను 640 సార్లు ఎత్తి దించాలి. ఏ మనిషీ నెలంతా అలా చేయలేడు. కాబట్టి రిజిస్టరులో లేని మనుషులు ఆ షెడ్డులో ఉన్నారు. నా ఆర్డరు కోసం వాళ్ల నడుము వంగుతోంది, వాళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు.

మేస్త్రీ ద్వారా వచ్చినా, మీ షెడ్డులో మీ పని చేసేవాడు ఈఎస్ఐ లెక్కలోకి వస్తాడు. అతని చందా ముందుగా కట్టాల్సింది మీరే, తర్వాత మేస్త్రీ బిల్లులోంచి పట్టుకోవచ్చు. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఏది ఉందో ఏది పోయిందో అని ఆడిటర్ల దగ్గర గందరగోళంగా ఉందని మీలో ఇద్దరు చెప్పారు. ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కు ఇరవైమంది అన్న లెక్కలు మారలేదు, ఆ సంగతి మాత్రం స్పష్టం. డిక్లరేషన్‌లో నాకు కావలసింది, ఆ నెలలో మీ షెడ్డులో అడుగుపెట్టిన ప్రతి మనిషి పేరు, ఎవరి తరఫున వచ్చాడు, కూలి ఎంత, ఎలా అందింది. ఈఎస్ఐ చలానాతోపాటు పేర్ల జాబితా జతచేయాలి. షెడ్డుకు వచ్చినప్పుడు ఏ ఒక్కరినైనా 'నీ ఈఎస్ఐ ఐపీ నంబరెంత?' అని అడుగుతాను. ఫోన్లో ఉందనో, కార్డు ఇంట్లో ఉందనో చెప్తే పరవాలేదు. ఆ మాటే ఎప్పుడూ వినలేదంటే, చలానా ఎవరి పేర్ల మీద కట్టారో మళ్లీ చూడాల్సి వస్తుంది.

అడ్వాన్సుల గురించి మీతో గొడవ పడాలని లేదు. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు వలస వచ్చేటప్పుడు ఇంట్లో ఎంతో కొంత పెట్టి రావాలి, అడ్వాన్సు లేకుండా కదలలేరు. ఇవ్వడం తప్పు కాదు. తీరేదాకా కదలకూడదని ఆపడం తప్పు. ఆధార్ కార్డు దాచుకోవడం, పండక్కు ఊరెళ్తే భార్యనో తమ్ముడినో ఇక్కడే ఉంచమనడం తప్పు. 1976 నుంచి అది వెట్టిచాకిరీ కిందకే వస్తుంది. ఎంత ఇచ్చారు, ఎంత పట్టుకున్నారు, ఎంత మిగిలింది అన్నది పనివాడి దగ్గర కూడా ఒక కాగితం మీద ఉండాలి. 14 ఏళ్లలోపు పిల్లలు షెడ్డులో ఏ పనీ చేయకూడదు. 18 లోపువాళ్లు మెషీన్ దగ్గరికీ, చేతి గ్రైండరు దగ్గరికీ రాకూడదు, చట్టం ఎలా చెప్పినా ఇది నా షరతు. ఆ రెండు వేళ్లు పోయిన అబ్బాయి వయసు 19 అని చెప్పారు. చూస్తే నాకు నమ్మకం కలగలేదు, కానీ అడగడానికి నా దగ్గర అప్పుడు ఏ కాగితమూ లేదు.

పొడి కటింగ్ విషయం ఒక్క మాటలో. నాపరాయిలో గ్రానైట్‌లో ఉన్నంత సిలికా ఉండదు, అయినా అసలు లేకపోలేదు. పైగా మీలో కొందరు అదే షెడ్డులో గ్రానైట్ కూడా కోస్తున్నారు. సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు. నీళ్లు లేకుండా ఏ రాయినీ కోయడం లేదని డిక్లరేషన్‌లో రాయాలి, మెట్ల ముక్కలకు చేతి గ్రైండరు వాడినా సరే. క్వారీ నుంచి వచ్చిన ప్రతి లోడుకూ గనుల శాఖ పర్మిట్ కాపీ దాచి పెట్టండి, అడిగితే చూపించండి.

ఇప్పుడు డబ్బు మాట. ఇవన్నీ అడిగి రేటు మాత్రం పాతదే ఇస్తానంటే, మిమ్మల్ని అబద్ధం రాయమని నేనే నెట్టినట్టు అవుతుంది. అందుకే ఇదీ లెక్క వేశాను. ట్రిప్పుకు 1,200 చొప్పున ఎనిమిది ట్రిప్పులకు 9,600. కొత్తగా ఈఎస్ఐలోకి 14 మంది వస్తారనీ, ఒక్కొక్కరికి 12,000 కూలి అనీ అనుకుంటే, యజమాని వాటా 3.25 శాతం చొప్పున 5,460. రెండూ కలిపి 15,060. నెలకు 50,000 అడుగులకు పంచితే అడుగుకు 30 పైసలు. డిక్లరేషన్ ఇచ్చిన ఫ్యాక్టరీకి నేను అడుగుకు 60 పైసలు ఎక్కువ ఇస్తాను. పీఎఫ్ కూడా వర్తించే ఫ్యాక్టరీ అయితే వేరే కూర్చుని మాట్లాడదాం, ఎందుకంటే అది దీనికంటే పెద్ద ఖర్చు.

ఇందులో ఒక లోటు ఉంది, దాన్ని దాచను. మీరు 50,000 అడుగులు తీస్తే నేను కొనేది అందులో తొమ్మిది వేలు. నా 60 పైసలు నా వంతు ఖర్చుకు రెండింతలు అవుతాయి గానీ, మొత్తం ఖర్చులో మూడోవంతుకు కాస్త ఎక్కువ మాత్రమే తీరుస్తాయి. మిగతాది కర్నూలులో, కడపలో, బెంగళూరులో మీ దగ్గర కొనేవాళ్ల నుంచి రావాలి. ఈ లేఖ బహిరంగంగా రాయడానికి అదే పెద్ద కారణం. బండ కొనే డిపోల వాళ్లూ, బిల్డర్లూ, మీరూ ఇదే ఫారం అడగండి, అడిగినవాళ్లు ఆ పైసలూ కలిపి ఇవ్వండి. ఒకరు అడిగి, పదిమంది తక్కువ రేటుకు కాగితం లేని బండ కొంటే, నిజాయితీగా తొట్టి కడిగే యజమానే నష్టపోతాడు.

గడువు ఇలా. మొదటి 30 రోజుల్లో ఫారం నింపి ఇవ్వండి, లోపాలుంటే లోపాలనే రాయండి. 'సీఎఫ్ఓ గడువు దాటింది, రెన్యువల్‌కు పెట్టాం', 'ఆరుగురికి ఇంకా ఈఎస్ఐ లేదు' అని నిజం రాసిన కాగితానికి నేను కొనుగోలు ఆపను. మిగతా 60 రోజులు వాటిని సరిచేసుకోవడానికే. ఈలోపు ఇచ్చిన ఆర్డర్ల డబ్బు మామూలుగానే కడతాను. నేను గడువు ఇవ్వనివి మూడే: మెషీన్ దగ్గర 18 లోపు పిల్లలు, పనివాళ్ల కార్డులు మీ దగ్గర ఉండడం, బురద వంకలోకి వదలడం. ఈ మూడింటిలో ఏదైనా నా కంటపడిన రోజే కొత్త ఆర్డరు ఆగుతుంది, సరిచేశాక మళ్లీ మొదలవుతుంది. అబద్ధపు డిక్లరేషన్ ఇచ్చినవాళ్లతో మాత్రం ఏడాదిపాటు వ్యాపారం చేయను.

వచ్చే సోమవారం తాడిపత్రి వస్తున్నాను. ఫారం తెలుగులోనే రాయించాను, రెండు పేజీలు, మీ గుమాస్తాతో కూర్చుంటే గంట పని. ఒక్కో షెడ్డుకు వచ్చి చేతికిస్తాను, తొట్టి దగ్గరే నిలబడి మాట్లాడుకుందాం. మేస్త్రీలను కూడా ఆ రోజు ఉండమనండి. ఆ అబ్బాయి అడ్వాన్సు కింద రాసుకున్న ఆసుపత్రి డబ్బులో ఎంత మిగిలి ఉందో ఆ మేస్త్రీ పుస్తకం తెస్తే, ఆ మొత్తం నేను కట్టేస్తాను.

మీ దగ్గర బండలు కొనే,
అనంతపురం డిపో యజమాని